గల్లాలో తగ్గిన డబ్బు: తిరుపతిలో ఒక పాత్రల షాపు కేసు

తిరుపతిలో చిన్న షాపులకు లెక్కలు రాయడం నా పని. "గల్లాలో డబ్బు తగ్గుతోంది" అంటూ నా దగ్గరికి వచ్చే యజమానుల్లో చాలామంది అప్పటికే ఎవరో ఒకరిని అనుమానించి ఉంటారు. ఈ కేసులోనూ అంతే. అనుమానం ఒకవైపు ఉంటే డబ్బు ఇంకోవైపు పోతోంది. అది ఎలా బయటపడిందో, ఆ తర్వాత ఏ నియమాలు నిలిచాయో, ఏవి నిలవలేదో రాస్తున్నాను. మనుషులనూ షాపునూ గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలు కొద్దిగా మార్చినా లెక్క కుదిరేలానే ఉంచాను.

షాపు సంగతి

గోవిందరాజస్వామి గుడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఇత్తడి, రాగి, స్టీలు సామాన్ల షాపు అది. కుందులు, పంచపాత్రలు, హారతి పళ్లేలు, చెంబులు ఎక్కువగా అమ్ముడవుతాయి. కొనేవాళ్లలో సగం మంది ఊరివాళ్లు, సగం మంది కొండకు వచ్చిన యాత్రికులు. యజమాని పగలంతా షాపులోనే ఉంటాడు, నెలకు రెండుసార్లు సరుకు కోసం చెన్నై, కుంభకోణం వైపు వెళ్తాడు. సాయంత్రాలు ఆయన భార్య వచ్చి కూర్చుంటుంది. గల్లా దగ్గర ఆమె అక్క కొడుకు ఉంటాడు. డిగ్రీ అయిపోయి ఉద్యోగం దొరికేదాకా అని వచ్చినవాడు మూడేళ్లుగా అక్కడే ఉన్నాడు. ఇద్దరు సేల్స్ అమ్మాయిలు, గోడౌన్ చూసుకునే ఒక పెద్దాయన. అంతే సిబ్బంది. బిల్లులు కంప్యూటర్‌లో వేస్తారు.

తమిళుల పెరటాసి నెలలో వచ్చే యాత్రికుల రద్దీ తగ్గాక, నవంబర్ మొదట్లో నన్ను పిలిచారు. పుస్తకాలు తెరిస్తే చేతిలో నగదు 1,42,000 అని ఉంది. అదే రోజు గల్లా తెరిచి లెక్కపెడితే ఐదు వేలకు కాస్త అటూ ఇటూ ఉంది. తేడా 1,37,000. బ్యాంకులో వేసినవి, సరుకుకు ఇచ్చినవి అన్నీ పుస్తకంలో పడ్డాయి. పడనిది చిల్లర ఖర్చు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఏడు నెలల్లో అది అలా పేరుకుంటూ వచ్చింది. అంటే నెలకు సుమారు పంతొమ్మిదిన్నర వేలు గల్లాలోంచి పోతున్నాయి, ఎక్కడికి పోతున్నాయో ఎక్కడా రాసి లేదు.

యజమాని నన్నొక్కడినే పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు. "మా ఆవిడ అక్క కొడుకు సార్. నన్ను చిన్నాయనా అని పిలిచే పిల్లోడు. అడగలేను, అడక్కుండా ఉండలేను. మీరు లెక్క తేలిస్తే నెలాఖరుకి పంపించేద్దామనుకుంటున్నా."

పిల్లవాడి మీద అనుమానం రావడానికి ఆయనకో కారణం ఉంది. కొన్ని రాత్రులు బిల్లుల మొత్తంలోంచి యూపీఐ తీసేసి చూస్తే గల్లాలో సరిగ్గా 500, ఒక్కోసారి 1,000 తక్కువగా ఉండేది. చిల్లర ఖర్చు ఏదైనా 35, 140 ఇలా ఉంటుంది కానీ గుండ్రంగా 500 ఎందుకు తగ్గుతుంది? నోటు తీసి జేబులో పెట్టుకుంటేనే అలా తగ్గుతుందని ఆయన లెక్క వేసుకున్నాడు.

నేను రాకముందు వాళ్లు చేసి చూసినవి

మొదట ఒక నోటుపుస్తకం పెట్టారు. రాత్రి షట్టర్ దించే ముందు ఆ రోజు ఖర్చులన్నీ గుర్తుచేసుకుని రాయాలి. ఆ పుస్తకం నేను చూశాను. వారం రోజుల రాతలు ఒకే పెన్నుతో, ఒకే వాలులో, ఒకే కూర్చోవడంలో రాసినట్టున్నాయి. టీ 100, కూలి 300, ఇతరం 200. మర్నాడు మళ్లీ టీ 100, కూలి 300. ఖర్చు జరిగినప్పుడే రాసిన పుస్తకంలో అంకెలు ఇంత గుండ్రంగా ఉండవు. అన్నిటి చివరా సున్నాలుంటే అది అంచనా అని అర్థం. పైగా "ఇతరం" అనే గడి ఉన్నచోట గుర్తురానిదంతా అందులోకే చేరుతుంది. ఆ పుస్తకం రెండు నెలలు నడిచి ఆగిపోయింది.

తర్వాత యజమాని కోపంతో ఒక ఆర్డర్ వేశాడు: నన్ను అడక్కుండా గల్లాలోంచి రూపాయి తీయకూడదు. ఆయన ఊళ్లో ఉన్నప్పుడు ఇది నడిచింది. ఆయన కుంభకోణం వెళ్లిన రోజు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి పార్సిళ్లు వచ్చాయి. ఫోన్ చేస్తే కలవలేదు. హమాలీలు ఎంతసేపని నిలబడతారు? గోడౌన్ పెద్దాయన తన జేబులోంచి 350 ఇచ్చి పంపేశాడు. ఆ డబ్బు ఆయనకు తిరిగి వచ్చింది గల్లాలోంచి కాదు. ఒక సేల్స్ అమ్మాయి ఓ చిన్న కుందుల జత బిల్లు వేయకుండా అమ్మి, ఆ డబ్బు ఆయన చేతిలో పెట్టింది. ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ అంతవరకూ బిల్లు పడ్డాక పోయే డబ్బు ఇప్పుడు బిల్లు పడకముందే పోవడం మొదలైంది. గల్లాలో తగ్గిన డబ్బునైతే లెక్కపెట్టి పట్టుకోవచ్చు. బిల్లే లేని అమ్మకం ఏ క్యాష్ లెక్కకూ అందదు. నిషేధంతో షాపుకు జరిగిన నష్టం అంతకుముందు ఖర్చులు రాయకపోవడం వల్ల జరిగిన నష్టం కంటే ఎక్కువని నా అభిప్రాయం.

మూడోసారి ఒక రేకు డబ్బా పెట్టి అందులో 2,000 వేశారు. చిల్లర ఖర్చులన్నీ అందులోంచే. ఆలోచన మంచిదే. కానీ డబ్బా ఖాళీ అయితే ఇంకో 2,000 వేసేవాళ్లు, సగం ఖాళీ అయితే 1,000 వేసేవాళ్లు. పాత డబ్బుకు చీటీలు ఉన్నాయా అని ఎవరూ చూడలేదు. గల్లాలోంచి పోవాల్సిన డబ్బు డబ్బాలోంచి పోయింది, అంతే తేడా.

రెండు వారాలు ఊరికే చూడటం

నియమాలు వెంటనే పెట్టమని యజమాని తొందరపెట్టాడు. నేను వద్దన్నాను. ముందే నియమం పెడితే మనుషులు నడుచుకునే తీరు మారిపోతుంది, అప్పుడు ఇన్నాళ్లూ డబ్బు ఎటు పోయిందో ఎప్పటికీ తెలియదు. అందుకని రెండు వారాలు ఒకటే మాట చెప్పాం. ఎవరు ఎంత తీసినా ఎవరూ ఆపరు, ఎందుకని అడగరు. తీసిన వెంటనే, గల్లా మూయకముందే, ఒక చీటీ మీద అంకె, దేనికి, ఎవరు అని రాసి గల్లాలోనే వేయాలి. యజమాని కుటుంబానికి కూడా ఇదే వర్తిస్తుంది.

పద్నాలుగు రోజుల చీటీలు కలిపితే 8,900 వచ్చింది. పార్సిల్ కూలి, ఆటోలకు 2,380. టీ, టిఫిన్లకు 1,240. గోనెసంచులు, సుతిలి, పాత న్యూస్‌పేపర్లకు 610. చందాలకు 300. ఇంకా అటూ ఇటూ 220. మిగిలిన 4,150 ఇంటి ఖర్చు: కూరగాయలు, గ్యాస్ సిలిండర్, పిల్లల ట్యూషన్ ఫీజు, ఒకసారి పెళ్లి కట్నం చదివించడానికి.

పద్నాలుగు రోజులకు 8,900 అంటే నెలకు దాదాపు పంతొమ్మిది వేలు. పుస్తకంలో కనపడుతున్న పంతొమ్మిదిన్నర వేలకు ఇది దాదాపు సరిపోయింది. అంటే నెల నెలా తగ్గుతున్న డబ్బులో దొంగతనానికి చోటే లేదు. సగానికి కాస్త తక్కువ యజమాని ఇంటికే వెళ్తోంది.

ఇక ఆ గుండ్రటి 500ల సంగతి. ఆ రెండు వారాల్లో ఒక మధ్యాహ్నం నేను గల్లా పక్కనే కూర్చున్నాను. ఒక యాత్రికుల కుటుంబం 380 రూపాయల హారతి పళ్లెం కొన్నారు. పెద్దాయన ఫోన్ తీసి, "బాబూ, 880 ఫోన్‌పే చేస్తా, ఆ 500 క్యాష్ ఇస్తావా? ఏటీఎం దగ్గర పెద్ద క్యూ ఉంది" అన్నాడు. పిల్లవాడు మామూలుగా 500 నోటు తీసి ఇచ్చాడు. బిల్లు 380 యూపీఐ అని పడింది. గల్లాలో 500 తగ్గింది, బ్యాంకు ఖాతాలో 500 ఎక్కువ పడింది. డబ్బు ఎక్కడికీ పోలేదు. కానీ రాత్రి యజమాని గల్లా వైపే చూస్తాడు, బ్యాంకులో పడిన యూపీఐ మొత్తాన్ని బిల్లులతో పోల్చి చూడడు. బ్యాంకులో ఎక్కువ పడినదాన్ని పుస్తకాల్లో గల్లాలోంచి బ్యాంకులో వేసిన నగదు కింద వేసేస్తూ వచ్చారు. ఇలా రోజుకు ఒకటో రెండో జరిగేవి, పెరటాసి శనివారాల్లో ఇంకా ఎక్కువ.

ఆ సాయంత్రం బ్యాంకు ఖాతా కాగితం, బిల్లుల రిపోర్టు పక్కపక్కన పెట్టి ఆ 500లను ఒక్కొక్కటిగా యజమానికి చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పిల్లవాడిని పంపించే మాట ఆ తర్వాత మళ్లీ రాలేదు. పిల్లవాడికి ఈ సంగతేమీ చెప్పొద్దని నేను అడిగాను, ఆయన ఒప్పుకున్నాడు.

డబ్బా మళ్లీ పెట్టాం, ఈసారి లెక్కతో

పాత రేకు డబ్బానే తీసుకున్నాం. ఈసారి ఎంత పెట్టాలో చీటీలే చెప్పాయి. ఇంటి ఖర్చు తీసేస్తే రెండు వారాల షాపు ఖర్చు 4,750, వారానికి సుమారు 2,400. వారానికి సరిపోయి కొంచెం మిగిలేలా 3,000 పెట్టాం. ఐదు వేలు పెట్టమని యజమాని అన్నాడు. ఎక్కువ పెడితే రెండు వారాలకోసారి గానీ చీటీలు చూడం, అంతకాలం తప్పు దాగి ఉంటుంది. మరీ తక్కువ పెడితే మధ్యలో అయిపోయి మళ్లీ గల్లాలో చెయ్యి పెడతారు.

ఈ పద్ధతి ప్రాణమంతా ఒక్క లెక్కలో ఉంది. డబ్బాలో ఉన్న నగదు, ఖర్చు చీటీల మొత్తం కలిపితే ఎప్పుడు చూసినా 3,000 రావాలి. నగదు 1,200 కంటే తగ్గినప్పుడు, లేదా శనివారం రాత్రి, చీటీలు కూడి సరిగ్గా అంత మొత్తమే గల్లాలోంచి డబ్బాలోకి వేయాలి. గుండ్రంగా వెయ్యి వేయకూడదు. 1,865కి చీటీలుంటే 1,865 మాత్రమే. చీటీ లేని ఖర్చు డబ్బాలోకి తిరిగి రాదు కాబట్టి చీటీ రాయమని ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు. పాత డబ్బాలో లేనిది ఇదొక్కటే. డబ్బు నింపాక ఆ చీటీల మీద అడ్డంగా గీత గీసి తేదీ వేసి పిన్ను కొట్టాలి, లేకపోతే అదే చీటీ ఇంకో వారం మళ్లీ లెక్కలోకి వస్తుంది.

డబ్బా ఎవరి దగ్గర ఉండాలి? గల్లా చూసేవాడి దగ్గర వద్దన్నాను. నమ్మకం లేక కాదు. రెండూ ఒకరి చేతిలో ఉంటే తొందరలో గల్లాలోది డబ్బాలోకీ, డబ్బాలోది గల్లాలోకీ సర్దుతారు, రెండు లెక్కలూ పాడవుతాయి. ఖర్చు ఎక్కువగా జరిగేది గోడౌన్ వైపే కాబట్టి డబ్బా తాళం అక్కడి పెద్దాయనకు ఇచ్చాం. ఆయన ఒక్కడే. ఆయన రాని రోజు లెక్కపెట్టి, సంతకం తీసుకుని, ఒక సేల్స్ అమ్మాయికి అప్పగించాలి.

చీటీ కోసం వరస నంబర్లు అచ్చు వేసిన చిన్న వోచర్ పుస్తకం కొన్నాం. తేదీ, ఎంత, దేనికి, ఎవరికి, తీసుకున్నవాళ్ల సంతకం లేదా వేలిముద్ర, ఇచ్చినవాళ్ల సంతకం. పాడైన చీటీ చింపకుండా "రద్దు" అని రాసి పుస్తకంలోనే ఉంచాలి. నంబర్ తప్పిపోతే వెంటనే కనపడుతుంది. షాపులో బిల్లు ఇస్తే దాన్ని వోచర్ వెనక అంటించాలి. కూలికి, ఆటోకి బిల్లు రాదు కాబట్టి అక్కడ వోచరే ఆధారం. 300 దాకా పెద్దాయన ఎవరినీ అడగనక్కర్లేదు. దాటితే యజమానికి ఫోన్ చేసి, ఆయన ఒప్పుకున్నట్టు చీటీ మీద రాయాలి. ఫోన్ కలవకపోతే పార్సిల్ కూలి మాత్రం వెయ్యి దాకా ఇచ్చేయొచ్చు. కుంభకోణం రోజు అనుభవంతో ఈ మినహాయింపు కావాలనే పెట్టాం. వెయ్యి దాటిన ఏ ఖర్చూ డబ్బాలోంచి కాదు, బ్యాంకు ద్వారానే.

ఈ మాటల్లోనే తెలిసిందేంటంటే, ఒక సరఫరాదారు ఏజెంటుకు యజమాని గల్లాలోంచి ఒకేసారి పదిహేను వేలు నగదుగా ఇస్తున్నాడు. వ్యాపార ఖర్చు కింద ఒకే రోజు ఒకే మనిషికి 10,000 దాటి నగదు ఇస్తే, పుస్తకాల ప్రకారం పన్ను లెక్కించుకునేవాళ్లకు ఆ ఖర్చును ఆదాయపు పన్ను శాఖ మామూలుగా ఒప్పుకోదు. 2017 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 20,000. ఆయన ఇంకా ఆ పాత అంకెనే గుర్తుపెట్టుకున్నాడు. అది కూడా బ్యాంకుకు మార్పించాం.

మొదటి వారంలోనే ఒక చిక్కు వచ్చింది. బుధవారం నేను వెళ్లి డబ్బా లెక్కపెడితే చీటీలు 1,780, నగదు 1,020, మొత్తం 2,800. రెండు వందలు తక్కువ. పెద్దాయన ముఖం వాడిపోయింది. కాసేపటికి గుర్తొచ్చింది: పొద్దున ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు వెళ్లే అమ్మాయికి ఆటో కోసం 200 ఇచ్చాడు, ఎంత అవుతుందో తెలియదు కాబట్టి చీటీ రాయలేదు. ఆమె 120 ఖర్చు చేసి 80 బ్యాగులోనే పెట్టుకుంది. అప్పటినుంచి ముందుగా ఇచ్చే డబ్బుకు పచ్చ కాగితం చీటీ పెట్టాం. అది కూడా నగదుతో సమానంగా లెక్కలోకి వస్తుంది, కానీ ఒక్క రాత్రి కూడా డబ్బాలో ఉండకూడదు. షట్టర్ దించేలోగా దాని బదులు అసలు చీటీ, మిగిలిన చిల్లర రావాలి.

ఇంటి డబ్బు

నాకు అన్నిటికంటే కష్టమైన మాట ఇదే. యజమాని భార్య సూటిగా అడిగింది: "మా షాపులో మా డబ్బు తీసుకోవడానికి చీటీ ఎందుకు సార్? మేము ఎవరికి లెక్క చెప్పాలి?"

అడిగినదాంట్లో న్యాయం ఉంది. నేను చెప్పింది ఇది. "ఎవరి పర్మిషనూ అక్కర్లేదమ్మా. మీరు తీసేది షాపు ఖర్చు కాదు, మీ లాభంలోంచి మీరు వాడుకునేది. పుస్తకంలో సొంత వాడకం అని వేరే పేజీలో పడుతుంది. అది రాయకపోతే ఆ రాత్రి గల్లాలో తగ్గుతుంది. తగ్గితే మీ అక్క కొడుకు మీద పడుతుంది." చివరి మాట విన్నాక ఆమె ఇంకేం అడగలేదు.

మొదటి వారాల్లో ఆమె చీటీ వేసి తీసుకునేది. తర్వాత తానే ఒక మార్గం చెప్పింది: ప్రతి సోమవారం యజమాని తన ఖాతాకు 2,000 యూపీఐ చేస్తే గల్లా ముట్టుకునే పనే ఉండదని. నేను పెట్టిన చీటీ కంటే అదే బాగుంది. చిల్లర అవసరాలకు కాక పెద్ద ఖర్చులకు, ఫీజులకు విడిగా పంపుకుంటారు. ఇప్పుడు గల్లాలోంచి బయటికి వెళ్లేవి మూడే: కొన్నవాళ్లకు చిల్లర, డబ్బాలోకి చీటీల మొత్తం, బ్యాంకుకు జమ.

యాత్రికులకు క్యాష్ ఇవ్వడం కూడా ఆపేశాం. చీటీ వేసి ఇద్దామని పిల్లవాడు అన్నాడు. రెండు కారణాలతో వద్దనుకున్నాం. రద్దీ రోజుల్లో గల్లాలో 500లు, 100లు అయిపోయి చిల్లర కొరత వస్తుంది. రెండోది, ఆ 500 అమ్మకం కాకపోయినా ఖాతాలో మాత్రం అమ్మకంలా కనపడుతుంది. 2025లో కర్ణాటకలో యూపీఐ వసూళ్లు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లిన సంగతి మా వైపు వ్యాపారులందరికీ తెలుసు. ఇప్పుడు పిల్లవాడు వాళ్లకు దగ్గరలోని ఏటీఎంలకు దారి చెప్తాడు.

రాత్రి లెక్క

గల్లా తెరిచేటప్పుడు ఎప్పుడూ 5,000తో తెరవాలి అనుకున్నాం. వందలు ఇరవై, యాభైలు ఇరవై, ఇరవైలు నలభై, పదులు ఎనభై, మిగిలిన 400 నాణేలు. రాత్రి ముందు ఈ 5,000 విడిగా కవర్‌లో పెట్టేస్తారు. పొద్దున కవర్ విప్పితే చిల్లర సిద్ధంగా ఉంటుంది.

లెక్కపెట్టేటప్పుడు కంప్యూటర్ స్క్రీన్ ఆపేయాలి. దీని మీద నేను చాలా పట్టుబట్టాను. ఎంత రావాలో ముందే తెలిస్తే మనిషి అంత రాగానే ఆగిపోతాడు. తక్కువ వస్తే మళ్లీ మళ్లీ లెక్కపెడతాడు, ఎక్కువ వస్తే ఊరుకుంటాడు. పిల్లవాడు నోట్లు రకాల వారీగా లెక్కపెట్టి చెప్తాడు, సేల్స్ అమ్మాయి కాగితం మీద రాస్తుంది, తర్వాత ఆమె ఒకసారి లెక్కపెడుతుంది. ఇద్దరూ సంతకం పెట్టాకే రోజు రిపోర్టు ప్రింట్ తీస్తారు.

కొత్త పద్ధతిలో మొదటి శనివారం లెక్క ఇలా జరిగింది. బిల్లుల మొత్తం 61,480. అందులో యూపీఐ 32,150, అరువు 3,200. మిగిలిన 26,130 నగదు అమ్మకం. పాత బాకీ ఒకరు 1,500 నగదు ఇచ్చారు. పొద్దున్నే ఉన్న 5,000 కలిపితే 32,630. డబ్బాలోకి 1,865, ఇంటికి చీటీ మీద 2,000 వెళ్లాయి. గల్లాలో 28,765 ఉండాలి. ఇద్దరూ లెక్కపెట్టింది 28,645. నూట ఇరవై తక్కువ.

పిల్లవాడు వెంటనే పర్సు తీసి, "నేనే వేసేస్తాలే" అన్నాడు. వద్దన్నాను. తక్కువైతే జేబులోంచి వేయాలని నేర్పితే, ఎక్కువైన రోజు ఆ డబ్బు పక్కన దాచి తర్వాత తక్కువైన రోజు సర్దడం నేర్చుకుంటారు. అప్పుడు రోజూ లెక్క సున్నా వస్తుంది, దాని వల్ల ఏమీ తెలియదు. తేడా ఎంతైనా, తక్కువైనా ఎక్కువైనా, తేడాల పుస్తకంలో ఉన్నదున్నట్టు రాయాలి. జీతంలోంచి కోత లేదు.

తేడా వెతకడానికి అంకే దారి చూపిస్తుంది. ఆ రోజు బిల్లుల్లో సరిగ్గా 120 రూపాయలవి ఏవైనా ఉన్నాయా అని చూశాం. ఒకటి ఉంది, నగదు అని పడిన ఒక చిన్న గంట బిల్లు. ఖాతాలో ఆ రోజు యూపీఐ మొత్తం 32,270. బిల్లుల కంటే 120 ఎక్కువ. స్కాన్ చేసి కట్టినదాన్ని తొందరలో నగదు అని కొట్టారు. అది మార్చగానే రెండు వైపులా కుదిరింది. తేడా ఏదైనా ఒక బిల్లుతో సమానమైతే ఇలాంటిదే. తేడాను తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోతే అంకెలు తిరగేసి రాశారేమో చూడాలి: 450 బదులు 540 రాస్తే 90 తేడా వస్తుంది. సరిగ్గా 100, 500 అయితే నోట్లు అతుక్కున్నాయేమో, లేదా చీటీ లేని ఖర్చుందేమో. ఇరవై లోపు తేడా అయితే రాసి వదిలేయమన్నాను. వంద దాటితే మర్నాడు షాపు తెరిచేలోగా కారణం దొరకాలి, దొరకకపోతే "కారణం తెలియలేదు" అని రాయాలి.

మొదటి వారం తేడా లేని రోజే లేదు. నెల తిరిగేసరికి ఎక్కువ రోజులు సున్నా, లేదా ఐదు పది రూపాయలు.

తేలిన ఇతర సంగతులు

వోచర్లను నెలాఖరున దేనికదే వేరు చేసి కూడితే అనుకోని విషయం ఒకటి బయటపడింది. పార్సిల్ కూలి, ఆటో ఖర్చులో ఎక్కువ భాగం పెద్ద ఇత్తడి కుందులదే. అవి బరువు, ఒక్కో పెట్టెకు ఇద్దరు మనుషులు కావాలి. ఇన్నాళ్లూ యజమాని బిల్లు ధరకే లాభం కలిపి అమ్మకం ధర పెట్టేవాడు. ట్రాన్స్‌పోర్ట్, కూలి ఆ కుందుల కొన్న ధరలో కలిపితే ఒక రకం మీద దాదాపు ఏమీ మిగలడం లేదు. ధర పెంచాడు. చీటీల వల్ల ఆ షాపుకు వచ్చిన అసలు లాభం నా దృష్టిలో ఇదే.

పుస్తకంలో మిగిలిపోయిన ఆ 1,37,000ను ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. రెండు వారాల చీటీల నిష్పత్తి పట్టుకుని సగం షాపు ఖర్చు కింద వేసేయమని యజమాని అడిగాడు. ఆ ఏడు నెలల్లో ఒక్క ఖర్చుకూ వోచర్ లేదు. నిష్పత్తి అంచనాయే కానీ ఆధారం కాదు. మొత్తం సొంత వాడకం కిందే వేశాం. షాపుకు నిజంగా అయిన కూలి ఖర్చు కూడా అందులో పోయింది, దాని మీద పన్ను మేలు పోయింది. ఆయనకు అది బాధగానే ఉంది.

ఈ లెక్క పట్టుకోలేనిది ఒకటుంది. బిల్లు వేయకుండా అమ్మితే, ఆ డబ్బు గల్లాలోకే రాకపోతే, రాత్రి తేడా సున్నాయే వస్తుంది. నిషేధం రోజుల్లో అలా జరిగింది కాబట్టి దాన్ని వదిలేయలేకపోయాం. షాపులో చేతిలో పట్టేంత చిన్నవి, ఎక్కువగా అమ్ముడయ్యేవి పన్నెండు రకాలు ఎంచుకున్నాం: చిన్న కుందులు, గంటలు, పంచపాత్ర ఉద్ధరిణి లాంటివి. ప్రతి సోమవారం పొద్దున, షాపు తెరవకముందు, యజమాని, ఒక సేల్స్ అమ్మాయి కలిసి ఆ పన్నెండింటిని ముక్కల లెక్కన చూస్తారు. పోయిన వారం ఉన్నవి, కొత్తగా వచ్చినవి కలిపి, బిల్లుల్లో అమ్మినవి తీసేస్తే మిగిలినవి షెల్ఫు మీద ఉండాలి. మొదటి రెండు సోమవారాలు గంటల్లో తేడా వచ్చింది. అమ్మాయిలు రెండు సైజుల గంటలను ఒకే పేరుతో బిల్లు వేస్తున్నారని తేలింది, కంప్యూటర్‌లో పేర్లు వేరు చేశాం. వచ్చే పెరటాసిలో గల్లా లెక్క రోజుకు రెండుసార్లు, మధ్యాహ్నం భోజనాలకు మనిషి మారేటప్పుడు ఒకసారి, రాత్రి ఒకసారి పెట్టాలని యజమాని, పిల్లవాడు కలిసి నిర్ణయించుకున్నారు. ఆ రోజుల కోసం డబ్బాలో మొత్తాన్ని 4,500కు పెంచుతారు, రద్దీ తగ్గగానే మళ్లీ 3,000.